దసరాకి ఆయన ఇంటికొచ్చేలోపే పిల్లల కోసం చూసుకోవాల్సినవి

సూరత్‌కో హైదరాబాద్‌కో పనికెళ్ళిన మగాళ్ళు దసరాకి ఇళ్ళకొస్తారు, అన్నిళ్ళల్లో కాదు గానీ కొన్నిళ్ళల్లో ఆ నాలుగు రోజులూ తాగుడు, డబ్బుల లెక్కలు, ఆడదాని మీద చెయ్యి. ఇంతకుముందు అలా జరిగిన ఇల్లైతే ఆయన రాకముందే, ఇల్లు నెమ్మదిగా ఉన్నప్పుడే ప్లాన్ చేసుకోవాలి.

ఆంధ్రా బోర్డర్‌లో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో తెలిసిన చెల్లి ఒకామె "పిల్లలు పడుకున్నాకే గొడవ, వాళ్ళకేం తెలీదక్కా" అనేది. కానీ నాలుగేళ్ళ బాబు ఎప్పుడో మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలెట్టాడు, తొమ్మిదేళ్ళ పాప రోజూ బడి టైముకి కడుపునొప్పి అంటుంది, డాక్టర్ చూసి ఏం లేదన్నారు. అసలు సంగతి తను బడికెళ్తే అమ్మకి ఏమవుతుందో అని భయం, పైగా నా ఫీజు గురించే కొట్టుకున్నారు అని మనసులో పెట్టుకుంది. పక్క గదిలోంచి విన్నా చాలు పిల్లలకి ఇలా అవుతుంది. ఇలాంటివి నెల దాటినా తగ్గకపోతే జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి, చచ్చిపోతాను అనే మాట వస్తే మాత్రం ఆ రోజే.

పాపకి ముందు చెప్పాల్సింది, ఇది నీ వల్ల కాదమ్మా, ఆపడం నీ పని కాదు, మధ్యలోకి రావద్దు. తర్వాత వాళ్ళమ్మ ఒక మాట అనుకుంది, "పిన్నింటికెళ్ళి పెరుగు తోడు తే" అంటే తమ్ముడి చెయ్యి పట్టుకుని వీధి గుమ్మంలోంచి వెళ్ళిపోయి, పిలిచేదాకా అక్కడే ఉండాలని. ఆ పిన్నికీ ముందే చెప్పింది. వంటింట్లోకి వద్దు, కత్తులుంటాయి, బాత్రూంలో దాక్కుంటే బయటపడే దారుండదు. బాబుకి మాత్రం ఏం చెప్పలేదు, నాలుగేళ్ళోడు నాన్న ముందే అనేస్తాడు కదా. పగలు రెండుమూడు సార్లు నడిపించి చూడండి, భయంలో పిల్లలకి చెప్పింది గుర్తుండదు, చేసింది గుర్తుంటుంది.

పిన్నింటికెళ్ళాక అక్కడి ఫోన్ నుంచి పోలీసు సాయానికి 112కి చెయ్యాలి. బోర్డర్ ఊళ్ళు కాబట్టి ముందు జిల్లా, ఊరు, వీధి చెప్పాలి, ఒడియాలో "మో బాపా బౌకు మారుఛంతి", అంటే మా నాన్న అమ్మని కొడుతున్నాడు, అని కూడా నేర్పండి.

ఇంతకుముందు గొంతు నులిమినా, చంపేస్తానని కత్తి తీసినా ఈ ప్లాన్ చాలదు, అది ప్రాణాల మీదకొచ్చే గుర్తు. ఆయన రైలు దిగకముందే వెళ్ళిపోవడం మేలు, వెళ్ళే రోజు పిల్లలకి ముందుగా చెప్పొద్దు. పుట్టిల్లు ఏటవతల ఆంధ్రాలోని పాతపట్నంలో ఉంటే కేసు ఒడిశాలోనే వెయ్యాలేమో అని ఆగొద్దు, 2005 గృహహింస చట్టంలో తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయొచ్చు, ఆర్డర్ దేశమంతా చెల్లుతుంది, పిల్లల్ని తాత్కాలికంగా తన దగ్గరే ఉంచమని అందులోనే అడగొచ్చు. దారి తెలీకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే చెప్తారు. పిల్లల ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, బడి కాగితాలు ఇప్పుడే పుట్టింటికి పంపేయండి, చివరి నిమిషంలో బీరువా తియ్యడానికి వెనక్కెళ్ళే పని ఉండకూడదు.