ఒకే రోజు, ఒకే మొత్తం: బ్యాంకు సమన్వయంలో తప్పు జతలను సరిచేసిన విధానం

మా రవాణా కార్యాలయం నుంచి ఒకే రోజు ముగ్గురు లారీ యజమానులకు తలా రూ.18,000 చొప్పున నెఫ్ట్ ద్వారా అడ్వాన్సు వెళ్లింది. తేదీ, మొత్తం మాత్రమే చూసే సాఫ్ట్‌వేర్ స్టేట్‌మెంటులోని ఆ మూడింటినీ మా పుస్తకంలోని వోచర్లతో తనకు దొరికిన వరుసలో జతచేసింది. మొత్తాలు సమానం కావడంతో, స్టేట్‌మెంటును పుస్తకంతో సరిపోల్చే పట్టిక అయిన బీఆర్ఎస్‌లో తేడా సున్నాగానే కనిపించింది. అందుకే ఈ తప్పు బయటపడటం కష్టం. ఒక ఖాతా మూతపడి సొమ్ము వెనక్కి వచ్చినప్పుడు, ఆ జమ వివరణలోని యూటీఆర్, అంటే ప్రతి చెల్లింపుకు బ్యాంకు ఇచ్చే ప్రత్యేక నంబరు, మా పుస్తకంలో వేరొక యజమాని వోచరుకు జతపడి ఉండటంతో విషయం తెలిసింది.

ముందుగా స్టేట్‌మెంటును ఎక్సెల్‌లో తెరిచి, తేదీ A నిలువు వరుసలో, మొత్తం C నిలువు వరుసలో ఉంచి, ఈ సూత్రంతో అనుమానాస్పద పద్దులను వేరుచేశాను.

```
=COUNTIFS(A:A,A2,C:C,C2)>1
```

TRUE వచ్చిన పద్దుల జతలను మాత్రమే విడదీసి, నెఫ్ట్‌కు ఉండే 16 అక్షరాల యూటీఆర్ ఆధారంగా తిరిగి కలిపాను. ఇప్పుడు చెల్లింపు పూర్తికాగానే ఆ నంబరును వోచరులో నమోదు చేస్తున్నాము. ఐఎంపీఎస్‌కు 12 అంకెల నంబరు వస్తుంది. ఆ గడిని టెక్స్ట్‌గా ఉంచకపోతే, నంబరు సున్నాతో మొదలైనప్పుడు ఆ సున్నా పోయి జత కుదరదు. బ్యాంకు పలువురి చెల్లింపులను ఒకే డెబిట్‌గా చూపినప్పుడు ఈ పద్ధతి పనిచేయదు, బ్యాంకు ఇచ్చే విడి జాబితా తీసుకోవలసిందే.