ఒక్క జవాబుతో తేలిన బిల్లు

విజయవాడ సప్లయర్ పంపిన బిల్లు నా దగ్గర ఆగిపోయింది. అందులో మా హైదరాబాద్ జీఎస్‌టీ నంబరు (36తో మొదలయ్యేది) ఉంది, పన్ను మాత్రం రాష్ట్రం లోపలి అమ్మకంలా సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీగా వేశారు. రాష్ట్రం దాటిన సరుకైతే ఐజీఎస్‌టీ ఉండాలి. మాకు విజయవాడలోనూ రిజిస్ట్రేషన్ ఉంది, దాని నంబరు 37తో మొదలవుతుంది. కాబట్టి తప్పు పన్నులో ఉందో, నంబరులో ఉందో బిల్లు చూస్తే తెలియదు. అది పర్చేజ్ అన్నకే తెలుసు.

"బిల్లులో తేడా ఉంది, చూడండి" అంటే "ఏ బిల్లు?" అని వస్తుంది, అక్కడికే సాయంత్రం. అందుకే ఇలా రాశాను:

"అన్నా, జతచేసిన బిల్లులోని కుర్చీలు ఎవరికోసం కొన్నారు, ఎక్కడ దించారు?
ఎ) రెండూ విజయవాడ బ్రాంచే: 37 నంబరుతో బిల్లు మార్పిస్తాను.
బి) రెండూ హైదరాబాదే: ఐజీఎస్‌టీతో మార్పిస్తాను.
సి) కొన్నది ఒకచోట, దించింది ఇంకోచోట: రెండు ఊళ్లూ రాయండి.
ఏదైనా, ఇన్‌వర్డ్ స్టాంపు ఉన్న చలాన్ ఫొటో పెట్టండి."

మూడోది రాయకపోతే, ఊళ్లు వేరైన పక్షంలో ఆయన "రెండూ కాదు" అని ఊరుకునేవారు. చలాన్ అడిగింది అనుమానంతో కాదు, ఆడిటర్ ఎలాగూ అడుగుతాడు.

"బి" అని ఒక్క అక్షరం, కింద ఫొటో వచ్చాయి. సప్లయర్‌కి వెంటనే రాసేశాను.