ఆటల క్లాసులో నెలసరి మాట – నాలుగో పాఠం: “ఈరోజు ఆడలేను సార్”

ఏడాది మొదట్లో తరగతి మొత్తానికి, అబ్బాయిలు కూడా ఉండగానే, నెలసరి గురించి ఎలా చెప్పాలో గత పాఠంలో చూశాం. ఈ పాఠం అర నిమిషం గురించి. వార్మప్ మొదలవబోతుంది. ఒక అమ్మాయి వరుసలోంచి బయటికొచ్చి, చూపు కిందికి దించి, “సార్, ఈరోజు ఆడలేను” అంటుంది. అప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటి?

చాలామంది నోటి నుంచి వచ్చేది “ఎందుకు?” అన్న ప్రశ్న. నేనూ మొదట్లో అదే అడిగేవాణ్ణి. మైదానంలో అరిచి అరిచి అలవాటైన గొంతు కాబట్టి అది వరుస మొత్తానికీ వినిపించేది. ఒకసారి ఒక అమ్మాయి “కడుపునొప్పి సార్” అంటే, “రెండు రౌండ్లు పరిగెత్తు, అదే పోతుంది” అన్నాను. వెనక ఎవరో నవ్వారు. ఆ తర్వాత చాలా వారాలు ఆ అమ్మాయి ఆటల క్లాసుకే రాలేదు. అప్పుడు నేను చేసిన తప్పులు రెండు. ఒకటి ఆ ప్రశ్న, రెండోది ఆ సలహా. ఈ పాఠంలో ఆ రెండింటినీ సరిచేసుకుందాం.

“ఎందుకు” అని అడిగితే ఆ అమ్మాయికి మూడు దారులే మిగులుతాయి. అందరి ముందూ నిజం చెప్పాలి, లేదా అబద్ధం చెప్పాలి, లేదా నోరు మూసుకుని వెళ్లి ఆడాలి. ఏది ఎంచుకున్నా ఇంకోసారి మీ దగ్గరికి రాదు. నిజానికి ఆ నిమిషంలో మీకు కారణంతో పని లేదు. ఆమె ఈరోజు ఏం చేయగలదో తెలిస్తే చాలు. అందుకే ప్రశ్నను ఇలా మార్చండి: “సరేనమ్మా. ఈరోజు నీకు ఏది వీలవుతుంది?”

ఆ ప్రశ్న పనిచేయాలంటే దాని వెనక ముందే చెప్పి పెట్టిన మూడు అవకాశాలు ఉండాలి. మొదటిది, అందరితోపాటు ఆడటం, కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగిపోవచ్చు. రెండోది తేలిక పని, అంటే నడక, ఒళ్లు సాగదీసే కదలికలు. మూడోది కూర్చుని చేసే నిజమైన పని, అంటే స్కోరు రాయడం, టైమ్ చూడటం, లైన్ అంపైరింగ్. ఈ మూడూ అమ్మాయిలకే కాదు. కాలు బెణికిన అబ్బాయికి, జ్వరం తగ్గి నిన్నే వచ్చిన పిల్లాడికి, రాత్రి నిద్రలేని వాడికి కూడా ఇవే. అసలు కిటుకు ఇక్కడే ఉంది. స్కోరు బోర్డు దగ్గర ముగ్గురు కూర్చుంటే ఎవరు ఎందుకు కూర్చున్నారో చూసేవాళ్లకు తెలియదు. అమ్మాయిలకు మాత్రమే మినహాయింపు ఇస్తే, కూర్చోవడమే అందరికీ చాటి చెప్పినట్టు అవుతుంది.

బాత్రూమ్ విషయం వేరుగా చెప్పాలి. దానికి అనుమతి అడగక్కర్లేదని మొదటి రోజే అందరికీ చెప్పేయండి. తోడు కావాలంటే ఒకరిని తీసుకెళ్లొచ్చు, తిరిగొచ్చాక ఎంతసేపైందని అడగరు అని కూడా చెప్పండి.

ఇప్పుడొక సంభాషణ చూద్దాం. తొమ్మిదో తరగతి, వాలీబాల్ రోజు. అమ్మాయి వచ్చింది.

“సార్, కడుపునొప్పి. ఆడలేను.”

“సరేనమ్మా. నడుస్తావా, కూర్చుని స్కోరు రాస్తావా?”

“నడుస్తాను సార్.”

“మంచిది. కోర్టు చుట్టూ నీకు వీలైనంత మెల్లగా నడువు. పది నిమిషాలయ్యాక నేనే వచ్చి అడుగుతా. ఈలోపు ఆపేయాలనిపిస్తే ఆపేయ్, నాకు చెప్పక్కర్లేదు.”

ఇందులో నెలసరి అన్న మాటే రాలేదని గమనించండి. ఆమె “కడుపునొప్పి” అంది కాబట్టి మీరూ ఆ మాట దగ్గరే ఆగాలి. ఆమె “పీరియడ్స్ సార్” అని ఉంటే మీరూ మామూలు గొంతుతో “పీరియడ్స్” అనే అనాలి. ఆమె వాడిన మాటను మీరు దాటుకుని వేరే మాటకు వెళ్తే, ఆమె అన్నది సిగ్గుపడాల్సిన మాట అన్నట్టు ధ్వనిస్తుంది. ఆటల పీరియడ్, నెలసరి పీరియడ్ అని మన బడుల్లో ఒకే మాట రెండింటికీ ఉంది కాబట్టి వెనకనుంచి నవ్వులొస్తాయి. అందుకే నా అంతట నేను మాట్లాడేటప్పుడు క్లాసుకు “ఆటల క్లాసు” అని, దానికి “నెలసరి” అని వాడటం అలవాటు చేసుకున్నాను. “ఆడవాళ్ల సమస్య”, “ఆ రోజులు” అన్న మాటలు నేను వాడను. మొదటిది దాన్ని జబ్బును చేస్తుంది, రెండోది పేరు పెట్టి పిలవకూడని విషయంలా చూపిస్తుంది.

పది నిమిషాల తర్వాత మీరు పక్కన నడుస్తూ, గొంతు తగ్గించి అడగాల్సింది ఒక్కటే: “తగ్గిందా, పెరిగిందా, అలాగే ఉందా?” తగ్గితే నడక కొనసాగించొచ్చు, ఆమెకు ఇష్టమైతే ఆటలోకి రావచ్చు. అలాగే ఉంటే నిలబడి నడుము గుండ్రంగా తిప్పడం, పక్కకు వంగడం లాంటివి చూపించొచ్చు. నేల మీద పడుకుని చేసే కదలికలు మైదానం మధ్యలో చేయించకండి, దుస్తుల గురించి టెన్షన్ పెరుగుతుంది. పెరిగిందంటే కూర్చోబెట్టాలి. పై సంభాషణలోని అమ్మాయి “అలాగే ఉంది సార్” అంది. నడుము తిప్పే కదలికలు రెండుసార్లు చేసి, స్కోరు దగ్గరికి వెళ్లిపోయింది. అది సరైన ముగింపే. నొప్పి తగ్గకపోతే మీరు ఓడిపోయినట్టు కాదు.

మొదట్లో నేనిచ్చిన “రెండు రౌండ్లు పరిగెత్తు” అన్న సలహా ఎందుకు తప్పో ఇప్పుడు చూద్దాం. నెలసరి మొదలయ్యేటప్పుడు గర్భాశయం లోపలి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఎక్కువగా తయారవుతాయి. అవి గర్భాశయ కండరాన్ని గట్టిగా బిగుసుకునేలా చేస్తాయి. పొత్తికడుపులో, నడుములో, ఒక్కోసారి తొడల్లో వచ్చే నొప్పి అదే. ఆ రసాయనాల వల్లే కొందరికి వికారం, విరేచనాలు కూడా ఉంటాయి. సాధారణంగా ఈ నొప్పి మొదటి ఒకటి రెండు రోజులు ఎక్కువగా ఉండి, మూడు రోజుల్లోపు తగ్గిపోతుంది. అందుకే సోమవారం కూర్చున్న అమ్మాయి గురువారం హాయిగా పరిగెత్తితే మొన్నటిది నాటకం అనుకోవద్దు. రెండూ నిజమే.

వ్యాయామం నెలసరి నొప్పి తగ్గిస్తుందన్నది పూర్తిగా అబద్ధం కాదు. అధ్యయనాలను కలిపి చూసిన 2019 నాటి కోక్రేన్ సమీక్ష, వారానికి మూడు సార్లో అంతకన్నా ఎక్కువో, ప్రతిసారీ 45 నుంచి 60 నిమిషాలు చేసే వ్యాయామం నొప్పిని గణనీయంగా తగ్గించవచ్చని తేల్చింది. అయితే ఆ ఆధారాలు అంత బలమైనవి కావని కూడా చెప్పింది. ఆ లాభం వారాల తరబడి చేసే అలవాటుది. నొప్పి ఉన్న రోజున బలవంతంగా పరిగెత్తించిన రెండు రౌండ్లది కాదు. అందుకే “పరిగెత్తు, పోతుంది” అనకండి. “రోజూ ఆడేవాళ్లలో కొందరికి ఈ నొప్పి తగ్గుతుంది, ఈరోజు మాత్రం నీ ఒళ్లు ఏం చెబితే అది” అనండి.

ఇంకో భయం కూడా వినిపిస్తుంది: “గెంతితే ఎక్కువ అవుతుంది సార్.” చాలాసేపు కూర్చున్నప్పుడు లోపల నిలిచిన రక్తం, లేవగానే లేదా గెంతగానే ఒక్కసారిగా బయటికొస్తుంది. గెంతడం వల్ల కొత్తగా రక్తం తయారవదు. ఈ ఒక్క వాక్యం తెలిస్తే చాలామంది అమ్మాయిల భయం సగం తగ్గుతుంది. మిగతా సగం మరక గురించి. అది మాటలతో పోదు, దుస్తులతోనే పోతుంది. ఆటల దుస్తులు ముదురు రంగువి ఉండాలని బడిలో అడగండి. మొత్తం తెల్లటి దుస్తుల నియమానికి పేరుపడ్డ వింబుల్డన్ కూడా 2023 నుంచి ఆడవాళ్లు లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోవచ్చని నియమం సడలించింది. వింబుల్డనే మారగలిగినప్పుడు బడి మారలేదా అని మీరు ధైర్యంగా అడగొచ్చు.

ఒక అమ్మాయి వరుసగా మూడు నాలుగు వారాలు కూర్చునే పనినే ఎంచుకుంటే? “దొంగ సాకు” అన్న అనుమానం ఇక్కడే పుడుతుంది. ఎవరి నెలసరి ఎప్పుడో రాసుకుంటూ తేదీలు లెక్కపెట్టే రిజిస్టర్లు చూశాను. అది అస్సలు వద్దు. ఎవరు ఎన్ని క్లాసులు కూర్చున్నారన్నది అందరికీ ఒకే పట్టికలో రాసుకుంటే చాలు. తర్వాత ఆమెతో విడిగా మాట్లాడండి. గది తలుపు మూసి కాదు, అందరికీ కనిపించేలా కానీ ఎవరికీ వినిపించనంత దూరంలో. “నువ్వు చాలాసార్లు కూర్చున్నావు, తప్పు పట్టడానికి పిలవలేదు. ఆడటానికి ఇక్కడ ఏదైనా అడ్డంగా ఉందా? నాతో చెప్పడం ఇబ్బందైతే మేడమ్‌తో చెప్పు.” నాకు వచ్చిన జవాబులు చాలావరకు నొప్పి గురించి కాదు. బాత్రూమ్ గడియ పడదు, ప్యాడ్ మార్చుకోవడానికి చోటు లేదు, ఫలానా పిల్లాడు వెనకనుంచి ఏదో అంటున్నాడు. ఇవన్నీ మనం బాగుచేయగలిగినవే.

కొన్ని మాత్రం మన చేతిలో లేవు. గంట రెండు గంటలకే ప్యాడ్ పూర్తిగా తడిసిపోతుందన్నా, ఏడు రోజులు దాటినా ఆగడం లేదన్నా, నొప్పి వల్ల ప్రతి నెలా బడి మానేస్తున్నా, కళ్లు తిరిగి పడిపోయినా వైద్యులకు చూపించాలి. జట్టులో గట్టిగా సాధన చేసే అమ్మాయికి మూడు నెలలుగా నెలసరి రాకపోయినా అంతే. కొందరు కోచ్‌లు దాన్ని ఫిట్‌నెస్‌కు గుర్తు అనుకుంటారు. నెలసరి ఆగడానికి కారణాలు చాలా ఉంటాయి, తేల్చాల్సింది వైద్యులే. కానీ ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోవడం వాటిలో ఒకటి, అలా కొనసాగితే ఎముకలు బలహీనపడతాయి. ఇలాంటప్పుడు జబ్బు పేరు మీరు చెప్పకండి, మాత్ర ఇవ్వకండి. “ఇది తట్టుకోవాల్సిన విషయం కాదమ్మా, చూపించుకోవాల్సిన విషయం. ఇంట్లో ఎవరితో చెబుతావు? నేను కూడా మాట్లాడాలా?” అని అడిగి, ఆమె జవాబు వరకు ఆగండి.

మీ పద్ధతి పనిచేస్తోందో లేదో ఇలా తెలుస్తుంది. స్నేహితురాలు వచ్చి “దానికి బాగోలేదు సార్” అని చెబుతోందంటే ఇంకా భయం ఉన్నట్టే. అమ్మాయే నేరుగా వచ్చి, చూపు దించకుండా, “ఈరోజు రెండోది సార్” అని చెప్పి నడక మొదలుపెడితే, మీరు అడగాల్సిన ప్రశ్న కూడా అక్కర్లేకుండా పోయిందన్నమాట.

ఈ వారం సాధన: “సరేనమ్మా. ఈరోజు నీకు ఏది వీలవుతుంది?” అన్న వాక్యాన్ని ఇంట్లో పది సార్లు పైకి అనండి, ప్రతిసారీ గొంతు కొంచెం తగ్గిస్తూ. తర్వాత క్లాసులో మొదటగా కాలు నొప్పి అన్న అబ్బాయి మీద వాడి చూడండి. వాడు ఏం ఎంచుకున్నాడో, మీ నోట “ఎందుకు” ఎన్నిసార్లు రాబోయి ఆగిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. వెనక వరుసలో నవ్వే అబ్బాయితో ఏం మాట్లాడాలో ఐదో పాఠంలో చూద్దాం.