"వాళ్ల దగ్గరికి మిమ్మల్ని ఎవరు తీసుకెళ్లారు?": ఫీల్డ్‌వర్క్ ప్రెజెంటేషన్‌లో తడబడేది ఇక్కడే

బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగువాళ్లు చాలామంది. భాష అడ్డం రాదని మన విద్యార్థులు ఫీల్డ్‌వర్క్‌కు వాళ్లనే ఎంచుకుంటుంటారు. ఒక వార్డులో 12 మంది ఆడవాళ్లతో మాట్లాడారనుకుందాం.

సమస్య: "మేస్త్రితో ఇబ్బంది లేదని అందరూ ఒకే మాట అన్నారేం?" అని ఎవరో అడుగుతారు. జవాబు ఉండదు.

కారణం: పరిచయం చేసింది మేస్త్రే. పొద్దున్నే హాజరు వేసే చోటే మాట్లాడారు, ఆయన పక్కనే ఉన్నాడు. హాజరు ఆయన చేతిలో ఉన్నప్పుడు ఇంకేం చెబుతారు? దీనికి తోడు, తెలుగు ఒకటే అయినంత మాత్రాన దూరం పోదు. ఈ కార్మికుల్లో ఎక్కువమంది దళితులు. అడిగేవాళ్ల యాస, ఇంటిపేరు వినగానే కులం అంచనా వేసుకుని, ఎంతవరకు చెప్పాలో అంతే చెబుతారు. సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1948లో మైసూరు ప్రాంతంలోని రాంపురలో ఊరిపెద్ద నీడన ఉండి పనిచేశారు. తన చూపు పైకులాల వైపు ఒరిగిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

పరిష్కారం: నోట్సు మళ్లీ తీయండి. ఒక్కో ఇంటర్వ్యూ పక్కన మూడు విషయాలు రాయండి: ఎవరు పరిచయం చేశారు, ఎక్కడ మాట్లాడారు, వినేంత దూరంలో ఎవరున్నారు. 9 మంది మేస్త్రి ఎదుట, ముగ్గురు ఇంటి దగ్గర మాట్లాడారని, ఆ ముగ్గురిలో ఇద్దరు హాజరు కోత గురించి చెప్పారని తేలిందనుకోండి. అప్పుడు "కార్మికులు తృప్తిగా ఉన్నారు" అన్న వాక్యం నిలవదు. "మేస్త్రి వింటుండగా ఎవరూ ఫిర్యాదు చేయలేదు" అన్నంతవరకే నిజం. అలాగని ఇంటి దగ్గర చెప్పిందే అసలు నిజమనీ అనకూడదు. అక్కడ అత్తో, భర్తో వింటూ ఉండవచ్చు.

సమస్య: ఇలా విడదీసి చూపిస్తే, "ఆ ఇద్దరూ ఎవరో మేస్త్రికి తెలిసిపోదా?" అన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే.

కారణం: పేరు మార్చి ఊరుకున్నారు. వార్డు నంబరు, వయసు, సొంతూరు, భర్త లేడన్న మాట ఒకే స్లైడ్‌లో ఉంటే మేస్త్రికి పేరుతో పనిలేదు.

పరిష్కారం: వార్డు నంబరు తీసేయండి. సొంతూరు బదులు జిల్లా చాలు. వయసుకు "నలభైల్లో" అనండి. "ఇద్దరు" అన్న లెక్క స్లైడ్‌లో వద్దు, "కొందరు" అనండి. సభలో ఎవరైనా లెక్క అడిగితే, ఎందుకు చెప్పడం లేదో సూటిగా చెప్పండి. ఏ కార్మికురాలి మాటనైనా వాడేముందు, మీరడిగిన ప్రశ్నతో సహా తెలుగులోనే ఆమెకు చదివి వినిపించండి. ప్రశ్న చెప్పకుండా జవాబు మాత్రమే చూపిస్తే, మీరు నోట్లో పెట్టిన మాట కూడా ఆమెదే అనిపిస్తుంది. ఈ పని హాజరు వేసే చోట చేయకండి. వద్దంటే, ఎంత మంచి వాక్యమైనా తీసేయాల్సిందే.