మా బడి వెబ్‌సైట్‌లో తెలుగు మాయమైతే ఏం చేశామంటే

దేవరకొండ దగ్గర మా ఊరి బడి పిల్లలతో నాలుగు వారాలు శని, ఆదివారాలు కూర్చుని మా మొదటి వెబ్‌సైట్ తయారు చేశాం. మూడో వారం పేజీని నెట్‌లో పెట్టి ఫోన్‌లో తెరిస్తే తెలుగంతా `à°`, `à±` అని కనబడ్డది. "మేడం, మన ఊరి పేరే పోయింది" అని ఒక పాప కళ్లనీళ్లు పెట్టుకుంది. నిజానికి అక్షరాలు పోలేదు. ఫైల్‌ను అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో సేవ్ చేశాం గానీ ఆ సంగతి బ్రౌజర్‌కు చెప్పలేదు. `<head>` మొదలవగానే, టైటిల్ కంటే ముందే, ఈ వరుస రాయించాను:

```html
<meta charset="utf-8">
```

మళ్లీ ఎక్కించగానే ఊరి పేరు వచ్చింది. ఒక్క పేజీలో మాత్రం ప్రశ్నార్థకాలే మిగిలాయి. దాన్ని పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు అక్షరాలు పట్టని `ANSI` పద్ధతిలో సేవ్ చేశాం, అప్పుడే అక్షరాలు చెరిగిపోయాయి. ఆ పేజీని పిల్లలు మొదటినుంచి టైప్ చేశారు.