వారానికి ఎన్ని సెట్లు? 4వ పాఠం: లెక్కలోకి వచ్చేవి, రానివి

పోయిన పాఠంలో ఒక్కో కండరానికి వారానికి ఎన్ని గట్టి సెట్లు చేస్తున్నారో లెక్క రాయమన్నాను. మీరు పంపిన లెక్కలు చూశాక ఈ వారం అనుకున్న పాఠాన్ని కొంత వెనక్కి జరిపాను. చాలామందికి ఛాతీ సెట్లు ఇరవై దాటాయి. అసలు లెక్కే తప్పయితే, దాన్ని పట్టుకుని వెతికే కనీస మోతాదూ, గరిష్ఠ మోతాదూ రెండూ తప్పే అవుతాయి.

గట్టి సెట్ అంటే, ఆపే సమయానికి ఇంకా మూడు రెప్స్ కంటే ఎక్కువ మిగలని సెట్. ఇది చెప్పాను. అయినా ఎక్కడ జారారో ఒకరి నోట్‌బుక్‌లో చూద్దాం. ఏడాదిన్నరగా జిమ్‌కి వెళ్తున్న ఆయన ఛాతీకి 22 సెట్లని రాశారు.

సోమవారం బెంచ్ ప్రెస్ ఆరు సెట్లు: ఖాళీ బార్‌తో 15, 40 కిలోలతో 10, 50తో 10, ఆ తర్వాత 60 కిలోలతో 8, 8, 7. మొదటి మూడూ వార్మప్, లెక్కలోకి రావు. మిగిలినవి మూడు. తర్వాత ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ నాలుగు సెట్లు: 12, 12, 12, 12.

నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. ఒకే బరువు, మధ్యలో రెండు నిమిషాల విరామం. నాలుగో సెట్‌లోనూ సరిగ్గా పన్నెండే వచ్చిందంటే ఆయన్ను ఆపింది అలసట కాదు, పన్నెండనే అంకె. నిజంగా గట్టిగా చేస్తే రెప్స్ 12, 11, 9 అని తగ్గుతూ రావాలి. తర్వాతి సోమవారం నాలుగో సెట్‌ని పన్నెండు దగ్గర ఆపకుండా, చెయ్యి లేవనంత వరకు చేయమన్నాను. పద్దెనిమిది వచ్చాయి! చివరి సెట్‌లోనే ఆరు మిగిలాయంటే మొదటి సెట్‌లో ఇంకా ఎక్కువే మిగిలి ఉంటాయి. నాలుగూ కొట్టేశాం. చెమట పట్టింది, ఛాతీ ఉబ్బినట్టు అనిపించింది అన్నారు. అవి నిజమే కానీ గట్టి సెట్‌కి అవి కొలత కాదు.

ఆ రోజు ఫ్లై మూడు సెట్లు 12, 11, 9గా ఉన్నాయి, మూడూ లెక్కే. గురువారం ఇంక్లైన్ బార్ ప్రెస్ ఐదు సెట్లలో రెండు వార్మప్, మూడు గట్టివి. చివర్లో పుషప్స్ నాలుగు సెట్లు, పదిహేను చొప్పున. ఆయన ఒక్క ఊపులో ముప్పై తీస్తారు కాబట్టి అవీ పోయాయి. ఇరవై రెండు కాస్తా తొమ్మిది అయింది.

ప్రెస్‌లలో ట్రైసెప్స్ కూడా పనిచేస్తాయి కదా అని అడిగారు. నేను అరసెట్‌గా వేసుకుంటాను. ఆరు గట్టి ప్రెస్ సెట్లకు ట్రైసెప్స్ ఖాతాలో మూడు. ఫ్లైకి ఏమీ లేదు.

ఇప్పుడు హద్దులు. అమెరికా వ్యాయామ శాస్త్ర నిపుణుడు మైక్ ఇజ్రాయెటెల్ ప్రచారంలోకి తెచ్చిన ఎంఈవీ, ఎంఆర్‌వీ అనే మాటలు మీరు వినే ఉంటారు. మొదటిది ఎదుగుదల మొదలయ్యే కనీస మోతాదు, రెండోది కోలుకోగలిగిన గరిష్ఠ మోతాదు. నేను పై హద్దే ముందు వెతుకుతాను, అది త్వరగా తెలుస్తుంది.

ఆయన్ను ఎనిమిది గట్టి సెట్లతో మొదలుపెట్టించి, వారానికి రెండు చొప్పున పెంచాం. ప్రతి సోమవారం 60 కిలోల మొదటి సెట్‌ని, రెండు రెప్స్ మిగిల్చి ఆపి, గుర్తుగా పెట్టుకున్నాం. ఎనిమిది సెట్ల వారం 8 రెప్స్, పది సెట్లకు 8, పన్నెండుకు 9, పద్నాలుగుకు 10. పదహారు సెట్ల వారం గడిచాక వచ్చిన సోమవారం 9కి పడింది. ఒక్కసారి పడితే నమ్మను. నిద్ర చాలకపోయినా, జ్వరం తగిలినా, పెళ్లికి ఊరెళ్లి వచ్చినా అలాగే పడుతుంది. ఆ వారమూ పదహారే ఉంచాం. తర్వాతి సోమవారం 8కి దిగింది. వరుసగా రెండుసార్లు, ఏ ఇతర కారణమూ లేకుండా పడింది కాబట్టి ఆయనకు ప్రస్తుతం పద్నాలుగే పై హద్దు. ఒళ్లునొప్పిని బట్టి ఇది తేల్చకండి. కొత్త వ్యాయామం మొదలుపెడితే ఆరు సెట్లకే నొప్పి వస్తుంది.

ఒక వారం సెట్లు సగానికి తగ్గించి, బరువు కూడా కాస్త దించి, తర్వాత ఆరు సెట్లతో మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి పెంచకుండా మూడు వారాలు ఆరే చేశారు. గుర్తు సెట్ 9 నుంచి 10కి వెళ్లింది. అంటే కనీస మోతాదు ఆరు గానీ, అంతకంటే తక్కువ గానీ. మూడు వారాలూ కదలకపోయి ఉంటే రెండు కలిపేవాళ్లం.

ఈ ఆరు, పద్నాలుగు ఆయన ఛాతీకి, ఇప్పటి తిండికీ నిద్రకూ మాత్రమే. బరువు తగ్గడానికి తిండి తగ్గిస్తే పై హద్దు కిందికి దిగుతుంది. వీపుకి, కాళ్లకి విడిగా వెతకాలి.

అభ్యాసం: రెండు వారాలు, ప్రతి సెట్ పక్కనా ఎన్ని రెప్స్ మిగిలాయనుకుంటున్నారో ఆ క్షణమే రాయండి. వారాంతంలో ఒక్కో వ్యాయామం చివరి సెట్‌ని ఇక లేవదు అనేదాకా చేసి, అంచనా ఎంత తప్పిందో చూడండి. మెషిన్, డంబెల్ వ్యాయామాలకే ఇది చేయండి. బెంచ్ మీద అయితే పక్కన పట్టుకునే మనిషి ఉండాల్సిందే. తేడా రెండు రెప్స్ దాటిన వ్యాయామాల సెట్లు కొట్టేసి, మిగిలిన లెక్క మాత్రమే నాకు పంపండి.