మలద్వారం అంచున ఉన్నట్టుండి నొప్పి బుడిపె లేస్తే మొదటి మూడు రోజులు ఏం చేయాలి?

పొద్దున మోషన్‌కు వెళ్లి గట్టిగా ముక్కి, కడుక్కునేటప్పుడు చేతికి ఒక బుడిపె తగులుతుంది. నిన్నటిదాకా అక్కడ ఏమీ లేదు. గంటా రెండు గంటల్లో కూర్చోలేనంత సలుపు మొదలవుతుంది. కడప, కర్నూలు, అనంతపురం వైపు చాలామంది దీన్ని వేడి చేసి సెగగడ్డ లేచిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. ఇంకొందరు మొలలు ముదిరిపోయాయి, ఇక ఆపరేషనే అని టెన్షన్ పడతారు. ఎక్కువసార్లు ఆ రెండూ కావు. మలద్వారం అంచున చర్మం కింద ఉండే చిన్న సిరలో రక్తం గడ్డకట్టి, పైనున్న చర్మం బిగుసుకుపోతుంది. డాక్టర్లు దీన్ని థ్రాంబోస్డ్ ఎక్స్‌టర్నల్ హెమరాయిడ్ అంటారు. ఆ చర్మంలో నొప్పి తెలిసే నరాలు చాలా ఎక్కువ. అందుకే శనగగింజంత బుడిపె కూడా మనిషిని మంచం ఎక్కిస్తుంది.

రక్తం గడ్డకట్టిందనగానే గుండెకో మెదడుకో పోతుందేమోనని భయం వేస్తుంది. ఈ గడ్డ అలా పోదు, ఉన్నచోటే ఉండి మెల్లగా కరుగుతుంది. క్యాన్సర్‌గానూ మారదు. నొప్పి 2, 3 రోజుల్లో పతాక స్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. వారం, పది రోజుల్లో చాలావరకు పోతుంది. బుడిపె పూర్తిగా అణగడానికి మాత్రం కొన్ని వారాలు పట్టవచ్చు. నొప్పి మొదలైన గంట ఏదో గుర్తుపెట్టుకోండి, వీలైతే రాసి పెట్టుకోండి. ఇంట్లో చూసుకోవాలా, ఆసుపత్రికి పోవాలా అన్నది ఆ లెక్క మీదే తేలుతుంది.

ముందు అది ఇదేనా అని చూసుకోండి

సిగ్గుపడకుండా అద్దంతోనో, ఫోన్ కెమెరాతోనో చూసుకోండి, లేదా ఇంట్లో నమ్మకమైనవాళ్లను చూడమనండి. రక్తం గడ్డకట్టిన బుడిపె సరిగ్గా అంచునే ఉంటుంది, పైన చర్మం నునుపుగా బిగుసుకుని ఉంటుంది, లోపల నీలంగానో నేరేడు రంగులోనో కనిపిస్తుంది. ముట్టుకుంటే గట్టిగా తగులుతుంది. జ్వరం ఉండదు.

మోషన్ అయ్యేటప్పుడు కోసినట్టు నొప్పి వచ్చి, బుడిపె లేకుండా కాస్త రక్తం కనిపిస్తే అది ఫిషర్, అంటే చర్మం చీలిక. ఎర్రగా, తడిగా ఉన్న కండ లోపలినుంచి బయటికి జారి, తోస్తే లోపలికి పోతుంటే అది లోపలి మొల. బయటికి వచ్చి లోపలికి పోకుండా ఇరుక్కుని నొప్పి పెడుతుంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఎక్కువ ప్రమాదం చీముగడ్డను ఇదే అనుకుని ఇంట్లో కూర్చోవడంలో ఉంది. చీముగడ్డ అంచుకు కాస్త దూరంగా కూడా లేవవచ్చు. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉంటుంది, జ్వరం, చలి రావచ్చు. తేడా తెలిసేది ముఖ్యంగా నొప్పి నడక చూస్తేనే. రక్తం గడ్డ నొప్పి మూడో రోజు దాటాక తగ్గుతుంది, చీముగడ్డ నొప్పి రోజురోజుకూ పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లు అంతదాకా కూడా ఆగకూడదు. వాళ్లలో ఈ ప్రాంతంలో ఇన్‌ఫెక్షన్ గంటల్లో పాకి ప్రాణం మీదికి తేవచ్చు.

ఇంట్లో చేయాల్సినవి

మొదటిది గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం. నడుము కింది భాగం మునిగేంత వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు చాలు. నాలుగైదు అంగుళాల నీళ్లు పోసి 10 నుంచి 15 నిమిషాలు కూర్చోండి. రోజుకు మూడుసార్లు, ప్రతి మోషన్ తర్వాత ఒకసారి. నీళ్లలో ముందు మోచేయి పెట్టి చూడండి, చురుక్కుమంటే చల్లారనివ్వాలి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లే కాగినట్టుంటాయి, పొయ్యి మీద పెట్టే పని లేదు గానీ మోచేయి పరీక్ష మాత్రం మానొద్దు. డెట్టాల్, పసుపు, ఉప్పు ఏవీ వేయనక్కర్లేదు. డెట్టాల్ అయితే మంట పుట్టిస్తుంది కూడా. ఈ నీళ్లు గడ్డను కరిగించవు. బిగుసుకున్న మలద్వారం కండరాన్ని వదులు చేస్తాయి, సలుపు తగ్గేది అందుకే. లేచాక రుద్దకుండా మెత్తటి కాటన్ గుడ్డతో అద్దుకోండి.

మొదటి రోజు వాపు ఎక్కువగా ఉంటే ఐసుముక్కలు గుడ్డలో చుట్టి 10 నిమిషాలు ఆనించవచ్చు. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు.

నొప్పికి పారాసిటమాల్ 650 మాత్ర ఆరు గంటలకొకటి వేసుకోవచ్చు, రోజుకు నాలుగు మించకూడదు. లివర్ జబ్బు ఉన్నవాళ్లు, రోజూ మందు తాగేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు. జలుబు, జ్వరం మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది కాబట్టి రెండూ కలిపి మింగొద్దు. ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వాపుకు బాగా పనిచేస్తాయి కానీ కిడ్నీ జబ్బు, అల్సర్, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లకు, గర్భిణులకు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకు అవి పనికిరావు. మెడికల్ షాపులో గట్టి మాత్ర ఇవ్వమంటే ఒక్కోసారి ట్రమడాల్ చేతిలో పెడతారు. దానితో మలబద్ధకం వచ్చి అసలు బాధ రెట్టింపవుతుంది.

పైపూతకు లిగ్నోకైన్ జెల్ శనగగింజంత తీసుకుని బుడిపె మీద రాస్తే కాసేపు తిమ్మిరెక్కి హాయిగా ఉంటుంది. నిఫెడిపిన్, లిగ్నోకైన్ కలిపిన ఆయింట్‌మెంట్ ఇంకా మంచిదే కానీ తలనొప్పి, కళ్లు తిరగడం రావచ్చు, డాక్టర్ రాస్తేనే వాడాలి. స్టెరాయిడ్ కలిసిన పైల్స్ క్రీములు వారం మించి వాడితే చర్మం పలచబడుతుంది.

ఇక మోషన్. నొప్పికి భయపడి రెండు రోజులు ఆపుకుంటే మలం గట్టిపడుతుంది, మళ్లీ ముక్కాలి, వాపు మళ్లీ పెరుగుతుంది. రాత్రి రెండు టీస్పూన్ల ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. నీళ్లు తక్కువైతే అది లోపలే ముద్దకట్టి ఎదురు తిరుగుతుంది. ముందే గట్టిపడి ఉంటే రాత్రి 15 మి.లీ. లాక్టులోజ్ సిరప్ తీసుకోవచ్చు, అది పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సంగటి, జొన్నరొట్టె మానక్కర్లేదు, పక్కన ఆకుకూర పప్పు ఎక్కువగా పెట్టుకోండి. ఎర్రకారం వల్ల ఈ బుడిపె రాదు. కానీ పుండు మీద కారం మంట ఎలా ఉంటుందో తెలిసిందే, కాబట్టి ఆ వారం తగ్గిస్తే మంచిది. టాయిలెట్‌లో ఐదు నిమిషాలకు మించి కూర్చోవద్దు, ఫోన్ బయటే పెట్టండి.

ఇవి చేయొద్దు

బుడిపెను పిసకొద్దు, సూదితో గుచ్చొద్దు. లోపలికి తోయడానికి ప్రయత్నించొద్దు, అది లోపలిది కాదు. ఒక్క ఇంజెక్షన్‌తో మొలలు రాలిపోతాయని బోర్డు పెట్టినవాళ్లు ఏ మందు ఎక్కిస్తున్నారో మనకు తెలియదు. కాల్చే మందులు ఎక్కిస్తే మలద్వారమే కుళ్లి, ఇరుకైపోయి, జీవితాంతం బాధపడాల్సి వస్తుంది. రబ్బర్ బ్యాండు వేయడం లోపలి మొలలకు చేసే వైద్యం. బయటి బుడిపెకు వేస్తే నొప్పి భరించలేరు. చీము లేకపోతే యాంటీబయాటిక్స్ కూడా అక్కర్లేదు.

మూడు రోజుల లెక్క ఎలా వేయాలి

ఎర్రగుంట్లలో నాపబండలు లోడింగ్ చేసే 35 ఏళ్ల మనిషిని అనుకుందాం. ఎండలో పని, తాగే నీళ్లు తక్కువ, నాలుగు రోజులుగా మోషన్ సరిగ్గా లేదు. ఆదివారం లారీకి బండలెత్తాడు. సోమవారం పొద్దున 7 గంటలకు గట్టిగా ముక్కాడు, అప్పుడే నొప్పి మొదలైంది, 9 గంటలకల్లా ద్రాక్షపండంత నీలం బుడిపె, పక్కకు తిరిగి పడుకుంటే తప్ప ఉండలేనంత నొప్పి. జ్వరం లేదు, షుగర్ లేదు.

అతను అప్పుడే టబ్బు, మాత్ర, ఇసబ్‌గోల్ మొదలుపెట్టాలి, బండలు ఎత్తడం ఆపాలి. మంగళవారం పొద్దున లేచాక తనను తాను అడగాల్సింది ఒక్కటే: రాత్రి నిద్ర పట్టిందా? మాత్ర వేసుకుంటే నాలుగైదు గంటలు పడుకోగలిగితే ఇంట్లోనే కొనసాగించవచ్చు. మాత్ర వేసినా నిద్ర లేక, కూర్చోలేక ఉంటే మంగళవారమే కడప రిమ్స్‌లో సర్జరీ ఓపీకి పోవాలి. కర్నూలు, అనంతపురం వాళ్లయితే అక్కడి పెద్దాసుపత్రికి. అతనికి 72 గంటల గడువు గురువారం పొద్దున 7 గంటలకు అయిపోతుంది. ఆలోపు అక్కడికే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, గడ్డను పైచర్మంతో సహా తీసేస్తే నొప్పి తొందరగా పోతుంది. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతారు. పుండు కుట్టకుండా వదిలేసినా గోరువెచ్చని నీళ్ల టబ్బుతోనే రెండు మూడు వారాల్లో మానుతుంది, కొన్ని రోజులు చుక్కచుక్క రక్తం కనిపించడం మామూలే. ఊరికే చిన్న గాటు పెట్టి గడ్డ పిండేస్తే అంచులు అతుక్కుని లోపల మళ్లీ రక్తం చేరవచ్చు. కాబట్టి ఏ పద్ధతిలో తీస్తారో ముందే అడగండి.

అతను గురువారం సాయంత్రం బయల్దేరితే సంగతి వేరు. అప్పటికి నొప్పి దానంతటదే దిగుతుంటుంది, గడ్డ చుట్టుపక్కలకు అతుక్కుని ఉంటుంది, కోత పెడితే తగ్గుతున్న నొప్పిని మళ్లీ తెచ్చుకున్నట్టే. అందుకే నాలుగో రోజు తర్వాత నొప్పి తగ్గుతుంటే డాక్టర్లు ఎక్కువగా మందులే రాస్తారు. వద్దన్నారని ఇంకో చోటికి పరుగెత్తి ఆపరేషన్ చేయించుకోవాల్సిన పనిలేదు.

ఈ మధ్యలో బుడిపె చిట్లి నల్లటి రక్తపు గడ్డ బయటికి వస్తే హడలిపోవద్దు, దాంతో నొప్పి చాలా తగ్గుతుంది. శుభ్రమైన దూదో గుడ్డో పెట్టి 10 నిమిషాలు వదలకుండా అదిమి పట్టుకోండి.

ఏ రోజైనా ఆగకుండా వెళ్లాల్సినవి

జ్వరం, చలి, చీము, చుట్టూ ఎరుపు పాకడం, మూత్రం రాకపోవడం, అదిమినా ఆగని రక్తం, మూడో రోజు తర్వాత పెరుగుతున్న నొప్పి. బుడిపె మీద చర్మం నల్లబడి వాసన వస్తే కూడా. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు, గర్భిణులు, కొత్తగా కాన్పయినవాళ్లు మొదటి రోజే చూపించుకోవాలి. కాన్పులో ముక్కినప్పుడు ఇది రావడం మామూలే. సిగ్గుతో దాచుకుని పాలిస్తూ కూర్చోలేక అల్లాడే ఆడవాళ్లు కాన్పు చేసిన డాక్టరమ్మకే చెప్పవచ్చు, బిడ్డకు పాలిచ్చేటప్పుడు వాడదగిన మందు ఆమె రాసిస్తుంది.

నొప్పి తగ్గినా మోషన్‌లో రక్తం పడుతూనే ఉంటే, బరువు తగ్గుతుంటే, మోషన్ అలవాటు మారితే, ముఖ్యంగా 45 దాటినవాళ్లు మొలలేలే అని సరిపెట్టుకోకుండా పేగు పరీక్ష చేయించుకోవాలి. బుడిపె అణిగాక అక్కడ చిన్న చర్మపు తోక మిగిలిపోవచ్చు. దానివల్ల హాని లేదు, శుభ్రం చేసుకోవడానికి అడ్డం అనిపిస్తేనే తీయించుకోవచ్చు. ఇసబ్‌గోల్ మాత్రం నొప్పి పోయిన రోజే ఆపేయకుండా ఇంకో నెల కొనసాగించండి. బండలెత్తే పని నొప్పి పూర్తిగా పోయాకే మొదలుపెట్టాలి, ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు.